హారం సున్నాకి ఎంత దూరం

ఎమ్మెస్సీ అయిన రెండేళ్లలో మూడు కాలేజీల్లో డెమో క్లాసులిచ్చాను. మూడు చోట్లా ‘కబురు చేస్తాం’ అన్నారు. బిజీగా ఉండి ఉంటారు. నాలుగోది శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఇదీ పోతే ఆమదాలవలసలో తన బియ్యం కొట్లో కూర్చోమని మావ ముందే చెప్పేశాడు.

ప్రిన్సిపాల్ కామర్స్ మనిషి. వెనక బెంచీలో కూర్చుని నాకంటే ఎక్కువగా వాచీని చూస్తున్నాడు. నాకిచ్చిన సిద్ధాంతం: bₙ అనే అనుక్రమం సున్నా కాని b వైపు వెళ్తే, 1/bₙ కూడా 1/b వైపు వెళ్తుంది. రెండిటి తేడా |b − bₙ| / (|bₙ||b|) అని రాశాను. ఇది చిన్నదవుతుందని చూపాలి. అనుక్రమం పరిబద్ధం, అంటే ఏదో ఒక M ని దాటదు కాబట్టి |bₙ| ≤ M అన్నాను. కింద |bₙ| తీసేసి M పెట్టాను. బాగానే కనిపించింది.

రెండో బెంచీ అమ్మాయి లేచింది.

“సార్, కింద పెద్దది పెడితే మొత్తం సిన్నదైపోతాది కదా? తేడా దీనికన్నా ఎక్కువని తేలింది. మనకి తక్కువని కదా కావాలి?”

“కూసోయే, డెమో కదా!” అని పక్క పిల్ల చున్నీ లాగింది.

అడిగిన అమ్మాయి కూర్చోలేదు. నా చేతిలో సుద్దముక్క రెండైంది, తర్వాత నాలుగైంది. ప్రిన్సిపాల్ వాచీ చూడటం మానేశాడు. బియ్యం కొట్టు వాసన గుమ్మం దాకా వచ్చింది.

M చెరిపేశాను.

“నిజమే. |bₙ| ఎంతకి మించదన్నది కాదు, ఎంతకి తగ్గదన్నది కావాలి. ఆమదాలవలస స్టేషను సున్నా. కాలేజీ b. మధ్య పన్నెండు కిలోమీటర్లనుకోండి. కాలేజీకి ఆరు కిలోమీటర్ల లోపలే తిరుగుతుంటే స్టేషనుకి ఎంత దగ్గరకి పోగలరు?”

“సూటిగా స్టేషను వైపే ఎల్తే సార్?”

“వెళ్లినా ఆరు పైనే మిగులుతుంది.” అప్పుడు గదిలో స్టేషను వైపు వెళ్లాలన్న కోరిక నాకొక్కడికే ఉంది.

గబగబా రాశాను: |b| − |bₙ| ≤ | |b| − |bₙ| | ≤ |b − bₙ|. n బాగా పెద్దదయ్యాక చివరిది |b|/2 కంటే తక్కువ. కాబట్టి |bₙ| > |b|/2. ఇక తేడా 2|b − bₙ| / |b|² కంటే మించదు. పైన ఉన్నది సున్నాకి పోతుంది, కిందది కదలదు.

“సగమే ఎందుకు సార్? మూడోవంతు తీసుకుంటే?”

“తీసుకో. మూడోవంతు లోపల తిరిగితే మూడింట రెండొంతులు పైన మిగులుతుంది. b ని మాత్రం పూర్తిగా తినేయకూడదు. సగమైతే రాయడం సులువు.”

బెల్లు కొట్టారు. ప్రిన్సిపాల్ ముందుకొచ్చి ఆ అమ్మాయినే అడిగాడు.

“ఏటమ్మా, అర్థమైనాదా?”

“అయినాది సార్. నిన్న డెమోకొచ్చిన సారూ అదే తప్పు రాసినారు. అడిగితే సిలబస్‌లో నేదన్నారు.”

ఆయన బోర్డు కేసి కాసేపు చూశాడు. అందులో ఆయనకి తెలిసిన గుర్తు భాగహారం ఒక్కటే అనుకుంటాను.

“సోమవారం నుంచి వచ్చేయండి మాస్టారూ,” అన్నాడు. “తప్పులేవైనా ఉంటే ఇంటికాడే సేసుకొని రండి.”