పాస్‌వర్డ్ మార్చినా చావని టోకెన్

గల్ఫ్‌లో, తుబ్లీలోని కార్మికుల క్యాంపులో ఓవర్‌టైం ఎక్కించే యాప్ రాసింది నేనే. ఆ రోజు క్లయింటు ఆఫీసులో ఫోర్‌మన్ నిలబడి ఉంటే అతని మొహం చూడలేకపోయాను. ఎవరూ చేయని ఓవర్‌టైం అతని లాగిన్‌తో నమోదైంది.

"ఫోన్ పోయిన దినమే చెప్పిన గద సారూ. మీరే పాస్‌వర్డ్ మార్చిన్రు. ఇగ దొంగ నేనెట్లయిత?" అన్నాడు.

క్లయింటు మేనేజరుకు అదే సాక్ష్యం. పాస్‌వర్డ్ మారాక పోయిన పాత ఫోన్‌లో యాప్ పనిచేయదు, కాబట్టి చేసింది ఇతనే అని. "ఖలాస్" అన్నాడు. అంటే ఇంటికి టికెట్.

కానీ పాత ఫోన్‌లో యాప్ పనిచేస్తుంది. ఆ సంగతి ఆ గదిలో తెలిసింది నాకూ, మా ప్రాజెక్టు మేనేజరుకూ. లాగిన్ అయినప్పుడు సర్వర్ సంతకం చేసిన టోకెన్ ఒకటి ఫోన్‌కు ఇస్తుంది. ఆ తర్వాత సర్వర్ చూసేది ఆ సంతకాన్నీ గడువునూ మాత్రమే. పాస్‌వర్డ్‌తో దానికి పని లేదు. ఎండలో మాటిమాటికీ లాగిన్ కాలేమని ఫోర్‌మన్లు గొణిగితే గడువు ఏడాది పెట్టాను. రద్దు చేసే దారి పెట్టలేదు. డేటాబేసు జోలికి పోకుండా నడుస్తుందని గొప్పలు కూడా పోయాను. క్యాంపు గదిలో అందరూ ఇంటికి మాట్లాడుకునే ఫోన్‌కు లాక్ ఉండదని నేను ఆలోచించలేదు.

మా మేనేజరు నన్ను వరండాలోకి లాక్కెళ్లాడు. "యూజర్ తప్పని చెప్పెయ్యవయ్యా. మనం తర్వాత సద్దేద్దాం."

"అతన్ని పంపేస్తారండీ."

"నిన్ను పంపేస్తే?"

"పంపనివ్వండి."

లోపలికి వెళ్లి నా ఫోన్‌లో టెస్ట్ అకౌంటుతో లాగిన్ అయ్యాను. అందరి ముందూ ల్యాప్‌టాప్‌లో ఆ అకౌంటు పాస్‌వర్డ్ మార్చాను. తర్వాత అదే ఫోన్‌లో ఓవర్‌టైం ఎక్కించాను. ఎక్కింది. "ఎక్కించింది ఎవరో నేను చెప్పలేను. ఇతనేనని మీరూ చెప్పలేరు. తప్పు నాది" అన్నాను. మా మేనేజరు గొంతు సవరించుకున్నాడు. నేను ఆగలేదు.

ఫోర్‌మన్ డ్యూటీలో ఉండిపోయాడు. నన్ను మాత్రం ఆ ప్రాజెక్టు నుంచి తప్పించారు, కానీ అంతకుముందే దాన్ని సరిచేసి ఇచ్చాను. సర్వర్ సంతకానికి వాడే రహస్య కీ మార్చి పాత టోకెన్లన్నీ చెల్లకుండా చేశాను. కొత్త టోకెన్ గడువు నిమిషాల్లోనే. దాన్ని పొడిగించే రెండో టోకెన్ లెక్క సర్వర్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ మారినా, ఫోన్ పోయినా అక్కడే దాన్ని రద్దు చేస్తారు. ఎండలో ఎవరూ మళ్లీ మళ్లీ లాగిన్ కానక్కర్లేదు. చిన్న గడువూ, రద్దు చేసే దారీ మొదటి రోజే పెట్టవలసినవి.

క్యాంపు గేటు దగ్గర కలిసినప్పుడు ఫోర్‌మన్ దండం పెడతాడనుకున్నాను.

"నీ తప్పుకు నన్ను దొంగను జేస్తుండె గదనే" అన్నాడు.

"అవునన్నా" అన్నాను. మా మేనేజరుకు చెప్పినంత గట్టిగానే చెప్పాను.