పథ్యం పెట్టిన మర్నాడు

చల్లపల్లిలో నేను పనిచేసిన ప్రైవేటు స్కూలు కాలవ గట్టు మీద ఉండేది. మూడు వందల మంది పిల్లలు, పదకొండు మంది టీచర్లు, అందరి మీదా పెత్తనం చేసే ఒక ఆయమ్మ. సెల్ ఫోన్లు ఇంకా మా ఇళ్లలోకి రాని రోజులు. ఏ కబురు చెప్పాలన్నా పిల్లల డైరీలో కాగితం అంటించి పంపేవాళ్లం.

ఆ ఏడు నాట్లు పూర్తయ్యీ కాకముందే జ్వరాలు మొదలయ్యాయి. క్లాసులో ఒకడు బల్ల మీద తల వాల్చేవాడు, రెండు రోజులకి ఆ బల్ల మొత్తం తలలు వాల్చేది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, తను రాసిన నోటీసు చేతిలో పెట్టారు. పైన పెద్దక్షరాలతో ‘హెచ్చరిక’ అని ఉంది. కింద ‘విషజ్వరాలు ప్రబలుతున్నందున’ అని మొదలైంది.

“ఇది పంపిస్తే సాయంత్రానికి సగం ఊరు పిల్లల్ని చంకనేసుకుని విజయవాడ ఆస్పత్రులకి పరిగెడుతుందండీ,” అన్నాను.

“అయితే మీరే రాయండి. దస్తూరీ కూడా బాగుంటుంది కదా,” అన్నారాయన. నాకు నోటి దురుసు ఉంది. దానివల్ల వచ్చే అదనపు పనికి అప్పటికే అలవాటు పడ్డాను.

నెమ్మదిగా, ఎవరినీ భయపెట్టకుండా రాశాను. ‘ఈ వానల్లో పిల్లలకి జ్వరాలు రావడం మామూలే. కంగారు పడకండి. ఒళ్లు వెచ్చగా ఉన్న పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే ఉంచండి. మందు వెయ్యకుండానే జ్వరం లేకుండా ఇరవై నాలుగు గంటలు గడిచాక పంపండి. మూడు రోజులకి తగ్గకపోయినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, పిల్లలు మరీ నీరసపడినా డాక్టరు గారికి చూపించండి. పోయిన పాఠాలు మేం మళ్లీ చెబుతాం.’ బస్టాండు దగ్గర జెరాక్స్ తీయించి అన్ని డైరీల్లోనూ అంటించాం. చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

ఒక్కరూ వినలేదు. పొద్దున్న బిళ్ల వేసి పంపేవాళ్లు. ప్రార్థనలో నిక్షేపంగా ఉన్న పిల్లాడు పదకొండు దాటేసరికి పెనంలా కాలేవాడు. ఒక తల్లి అయితే నా మీదే గయ్యిమంది. “మీరు రాసినట్టే ఇరవై నాలుగు గంటలు చూశామండీ! ఆరు గంటలకోసారి బిళ్ల వేస్తూనే ఉన్నాం, జ్వరమన్నది లేదు!” నోటీసులో మందు వెయ్యకుండా అన్న ముక్క మీద వేలుపెట్టి చూపించాను. “అదేంటండీ, జ్వరం వస్తే మందు వెయ్యరా?” అందావిడ. ఇద్దరం ఒకరినొకరం వెర్రివాళ్లని చూసినట్టు చూసుకున్నాం.

వాళ్లనొక్కళ్లనే అని లాభం లేదు. జూన్ నుంచి ఒక్క రోజు కూడా మానని పిల్లలకి వార్షికోత్సవంలో స్టీలు క్యారియర్ బహుమతిగా ఇచ్చేవాళ్లం. బందరు నుంచి తెప్పించి, మీద పిల్లల పేరు చెక్కించి మరీ ఇచ్చేవాళ్లం. పేరున్న గిన్నె ఇంట్లో ఉండటం తల్లులకి ఎంత గొప్పో చెప్పలేను.

ఆ తల్లుల్లో నేనూ ఉన్నాను. మా పాప అదే స్కూల్లో మూడో తరగతి. అప్పటిదాకా ఒక్క రోజు మానలేదు.

నోటీసు పంపిన వారానికి, ఒక బుధవారం పొద్దున్న జడ వేస్తుంటే దాని మెడ వెచ్చగా తగిలింది. “అమ్మా, నాకు పడుకోవాలనుంది,” అంది. చంకలో థర్మామీటరు పెట్టి చూస్తే నూటొకటి. ఆ క్షణంలో నాకు నా నోటీసు గుర్తు రాలేదంటే అబద్ధం. అక్షరం అక్షరం గుర్తుంది. అయినా సిరప్పు పట్టాను. “వెళ్లకపోతే క్యారియర్ పోతుంది తల్లీ, కాసేపట్లో తగ్గిపోతుందిలే,” అని బుజ్జగించి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లాను.

పదకొండున్నరకి నేను ఐదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. గుమ్మంలో ఆయమ్మ, ఆవిడ నడుముని కరుచుకుని మా పాప.

“పాపకి ఒళ్లు కాలిపోతోందండీ. పొద్దున్న ఏమన్నా మందు పట్టారా?”

నలభై మంది పిల్లలు వింటున్నారు. కంచే చేను మేసినట్టయింది నా పని. సిగ్గుతో చాక్‌పీసు ఎక్కడ పెట్టానో కూడా తెలీలేదు. “పట్టాను,” అన్నాను.

వరండాలోకొచ్చాక, పాపకి తడిగుడ్డతో మొహం తుడుస్తూ ఆయమ్మ ఇలా అంది. “మీరు రాసింది బాగానే ఉంది గానండీ, ఇరవై నాలుగు గంటలు ఎవరు లెక్కెట్టుకుంటారు చెప్పండి? పథ్యం పెట్టిన మర్నాడు పంపమని రాయండి. బిళ్లేసి బడికి పంపుతారు గానండీ, బిళ్లేసి పథ్యం పెట్టే తల్లి ఉందా?”

నిజమే. మావైపు జ్వరం తగ్గాక మొదటిసారి పెట్టే అన్నాన్ని పథ్యం అంటారు. బీరకాయ కూర, మిరియాల చారు. అంతదాకా జావ, బ్రెడ్డు, పాలు. ఒళ్లు పూర్తిగా చల్లబడకుండా అన్నం పెడితే జ్వరం తిరగబెడుతుందని ప్రతి తల్లికీ భయం. మందు మానేసి, ఒక పగలూ రాత్రీ గడిపి, చెయ్యి పెట్టి చూసి, పక్కింటి పెద్దావిడ చేత కూడా చూపించి, అప్పుడు పెడతారు ఆ ముహూర్తం. నా ఇరవై నాలుగు గంటలు అందులోనే ఉన్నాయి.

పాపని రిక్షాలో ఇంటికి తీసుకుపోయి పడుకోబెట్టాను. దాని పక్కనే కూర్చుని నోటీసు తిరగరాశాను. ‘మందు మానేశాక ఒక రోజంతా ఒళ్లు చల్లగా ఉంటే పథ్యం పెట్టండి. ఆ మర్నాడు బడికి పంపండి.’ మిగతాదంతా పాతదే.

వారం తిరిగేసరికి గేటు దగ్గర మాటలే మారిపోయాయి. “నిన్న పథ్యం పెట్టామండీ, రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు!” “ఇంకా పథ్యం కాలేదని చెప్పమంది మా అక్క, రేపటికీ రాదండీ.” బల్లల మీద తలలు లేచాయి. ఆయమ్మ నన్ను చూసి ముసిముసిగా నవ్వుకునేది.

మిగిలింది క్యారియర్ల సంగతి. ప్రిన్సిపాల్ గారితో ఒక పూటంతా వాదించాను. జ్వరంతో ఇంట్లో ఉండి, తల్లి చీటీ తెచ్చిన పిల్లలకి ఆ రోజులు మానినట్టు లెక్కపెట్టకూడదన్నాను. జ్వరం దాచి పంపితే మాత్రం బహుమతి ఇవ్వకూడదన్నాను. ఆయన ఒప్పుకుని, పెన్ను తీసి, “మరి మీ పాప?” అన్నారు.

మంచంలో ఉన్న రోజులకి మా పాపకి చీటీ ఉంది. ఆ బుధవారానికి హాజరు ఉంది. కొత్త లెక్క ప్రకారం దాని బహుమతి పోయేది మానినందుకు కాదు, వచ్చినందుకు. “కొట్టెయ్యండి,” అన్నాను. నేను పెట్టిన షరతు నేనే తప్పితే ఇక గేటు దగ్గర ఎవరి మొహం చూడగలను?

ఆ సాయంత్రం పాపకి ఎలా చెప్పాలో తెలీక, అడక్కుండానే జంతికలు ముందు పెట్టి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. అది జంతిక నములుతూ అంతా విన్నది.

“నాకు పడుకోవాలనుందని నేను చెప్పాను కదమ్మా,” అంది.

“చెప్పావు.”

“మరైతే ఓడిపోయింది నేను కాదు, నువ్వు.” ఇంకో జంతిక తీసుకుని, నా మొహం చూసి జాలిపడి, దాన్ని నా చేతిలో పెట్టింది. “పర్లేదులే అమ్మా. నాకు ఆ క్యారియర్ అక్కర్లేదు. నీకే కదా కావాలి.”

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. దాన్ని దగ్గరికి లాక్కుని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను.