ముందు ఏది వెలిగింది

నా కాళ్లకు చక్రాలున్నాయని మా అమ్మ తిట్టేది. ఒకచోట కుదురుగా కూర్చుని అన్నం తినడం కూడా నాకు చేతకాదు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, సైదాబాద్ నుంచి రోజూ ఉప్పుగూడ స్టేషన్ వెనకున్న చిన్న వర్క్‌షాప్‌కి ఉద్యోగానికి వెళ్లేదాన్ని. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మా నాన్నకు ఆడపిల్ల ఇనుము మధ్య పనిచేయడం నచ్చలేదు. నచ్చలేదని రోజూ అనేవాడు, రోజూ బస్టాపు దాకా తోడొచ్చేవాడు.

ఆ వర్క్‌షాప్ అంతకుముందు బర్రెల కొట్టం. వాళ్ల తాతల నాటి పాల వ్యాపారం మానేసి మా సేఠ్ మిల్లింగ్ మెషిన్ కొన్నాడు. వానాకాలంలో నేల ఇంకా పేడ వాసన కొట్టేది.

మెషిన్ నడిపే పెద్దాయనను అందరూ ఉస్తాద్ అనేవారు, నేను చాచా అనేదాన్ని. చార్మినార్ వెనక గల్లీలో ఇల్లు. చిన్నప్పుడు ఉర్దూ మీడియంలో చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఇనప పలకలకు వరసగా రంధ్రాలు వేయడం ఆయన పని. పలకను బల్లమీద బిగించి, చేతిచక్రం తిప్పితే పొడవాటి స్క్రూ తిరిగి బల్ల జరుగుతుంది. ఎంత జరిగిందో చక్రం పక్కనున్న సన్నని గీతలు చూసి తెలుసుకోవాలి. ఆ గీతలే చాచాకు కనిపించడం మానేశాయి. ఒకరోజు ఆయన గీతల్ని గోటితో తడుముకుంటూ లెక్కపెట్టడం చూశాను. అప్పటినుంచి సేఠ్ లేనప్పుడు పక్కన నిలబడి నేను చదివి చెప్పేదాన్ని. సేఠ్ ఉన్నప్పుడు పలకలు పాడయ్యేవి.

చివరికి సేఠ్ తేల్చేశాడు. సోమవారం నుంచి మెషిన్ మీద వేరే మనిషి. ఉస్తాద్ కావాలంటే ఓ మూల కూర్చుని అంచులు ఆకురాయితో రుద్దుకోవచ్చు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడా ఇక్కడా ముప్పై ఏళ్లు మెషిన్లు నడిపిన మనిషిని ఆకురాయికి కట్టేయడమేమిటి?

అప్పటికే నేనొక పెట్టె తయారు చేస్తున్నాను. కోఠీ గల్లీల్లో తిరిగి ఏరుకొచ్చిన ఐసీ చిప్‌లు, వేలెడంత ఎత్తున ఎర్రగా వెలిగే అంకెలు. బల్ల ఎంత జరిగితే అంకె అంత చూపించాలి. అంత పెద్ద అంకెలైతే చాచాకు నిలబడ్డ చోటినుంచే కనిపిస్తాయి. స్క్రూ కొసకు ఒక పళ్లచక్రం బిగించాం. దాన్ని చాచాయే కోశాడు. దానికి ఒక పక్క బల్బు, ఇంకో పక్క వెలుతురు పసిగట్టే కన్ను. పళ్ల మధ్య సందు వచ్చినప్పుడల్లా కంటికి వెలుతురు తగిలి అంకె ఒకటి పెరుగుతుంది.

మొదటి ప్రయత్నం అభాసుపాలైంది. చాచా ఎప్పుడూ బల్లను కొంచెం వెనక్కి లాగి మళ్లీ ముందుకు తెచ్చి ఆపుతాడు, స్క్రూలో ఉండే వదులు పోవాలని. నా పెట్టె వెనక్కి వెళ్లినా కలుపుకుంటూనే పోయింది. పైగా పక్కనుంచి రైలు పోతే చాలు, పంటి అంచు సరిగ్గా వెలుతురు ముందు ఆగి ఉన్నప్పుడు చక్రం వణికి, బల్ల కదలకుండానే అంకె పెరిగిపోయేది.

ఒక్క కన్నుతో వచ్చేదీ పోయేదీ తెలియదు. వీధి గడప, లోపలి గడప రెండూ చూస్తేనే మనిషి ఇంట్లోకి వస్తున్నాడో బయటికి పోతున్నాడో తెలుస్తుంది. అందుకని రెండో కన్ను పెట్టాం. ఒక పన్నూ ఒక సందూ కలిపితే ఎంతో, అందులో పావువంతు పక్కకు జరిపి. ఇప్పుడు రెండు కళ్లకూ ఒకే రకంగా వెలుతురు వచ్చి పోతుంది, కాకపోతే ఒకదానికి కాస్త ఆలస్యంగా. ముందుకు తిప్పితే మొదటిది ముందు వెలుగుతుంది, వెనక్కి తిప్పితే రెండోది. రెండో కన్ను చీకట్లో ఉండగా మొదటిది వెలిగితే ఒకటి కలుపు, అలాగే ఉండగా మొదటిది ఆరితే ఒకటి తీసెయ్. పెట్టెకు నేను నేర్పింది ఇంతే. అంచు వణికినా కలిపిందే తీసేస్తుంది కాబట్టి రైలు భయమూ లేదు.

శనివారం నేను పెట్టెలో టంకం పనిలో ఉండగా, కళ్లు బిగించింది చాచా. కంటికి వెలుతురు తగిలినప్పుడు వెలిగేలా రెంటికీ చిన్న బల్బులు తగిలించి, చక్రం ముందుకు మెల్లగా తిప్పుతూ ఏది ఎప్పుడు వెలిగి ఆరిందో మెషిన్ పక్కన సుద్దతో గీశాడు. ఒక్కో కంటికి ఒకటి చొప్పున పైన ఒక మెట్ల వరస, కింద ఒక మెట్ల వరస. ఏది ముందు వెలిగిందో ఆ బొమ్మలో చూసి నేను వైర్లు కలిపాను.

మధ్యాహ్నం సేఠ్ వచ్చాడు. సున్నాలు పెట్టి, తిప్పమన్నాను. చాచా ముందుకు తిప్పాడు. సున్నాలన్నీ ఒక్కసారిగా తొమ్మిదులైపోయి, అక్కడినుంచి కిందికి దిగడం మొదలుపెట్టాయి.

"ఏందమ్మా ఇది, ఎనకకు లెక్కవెడ్తుంది?" అన్నాడు సేఠ్. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. సాయంత్రం వస్తానని, ఈలోగా ఆ కొత్త మనిషికి సోమవారం రమ్మని కబురు పంపుతానని వెళ్లిపోయాడు.

రెండు వైర్లు అటుదిటు మారిస్తే సరిపోతుందని నాకూ తెలుసు. కానీ ఎందుకు తప్పిందో తెలియకుండా మారిస్తే రేపు ఇంకెక్కడ తప్పుతుందో? ఆ అంకెను నమ్మి చాచా డ్రిల్ దింపుతాడు. ఇంకొక్క పలక పాడైతే సేఠ్ ఊరుకోడు. పెట్టె విప్పాను. ప్రతి అతుకూ గీకి చూశాను. బల్ల చుట్టూ తిరిగాను. బయటికెళ్లి పట్టాలదాకా నడిచి తిరిగొచ్చాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అదే నా ఏడుపు.

చివరికి, మీరు తిప్పింది ముందుకేనా అని చాచానే అడిగాను. నా గొంతులో విసురు ఆయనకు వినిపించే ఉంటుంది. తాపీగా వచ్చి బొమ్మ ముందు నిలబడ్డాడు.

"సీదా ముందుకే తిప్పిన బేటీ. చూడు, పహిలే మీదిది ఎలిగింది, గా తర్వాత కిందిది."

వేలు బొమ్మ కుడి కొసన పెట్టి ఎడమకు జరుపుతున్నాడు.

ఆ వేలిని చూస్తూ ఉండిపోయాను. బొమ్మలో అక్షరం ఒక్కటీ లేదు, అన్నీ గీతలే. గీతలకు భాషేమిటనుకున్నాను. ఎడమనుంచి చదివితే కిందిది ముందు వెలుగుతుంది, అదే చక్రం వెనక్కి తిరిగిన బొమ్మ. కుడినుంచి చదివితే ముందుకు తిరిగిన బొమ్మ.

"చాచా, అటునుంచి ఎందుకు మొదలుపెట్టారు?"

"మరి ఎటు సంది మొదలువెడ్తరు?" అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

నేను స్టూలు మీద కూలబడి నవ్వాను. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. ఆయన ఉర్దూ రాత కుడినుంచి, నా చదువు ఎడమనుంచి అని చెప్తే ఆయనా నవ్వాడు, పొడి దగ్గు వచ్చేదాకా. వైర్లు మార్చాను.

సాయంత్రం సేఠ్ ముందు అంకెలు పైకి నడిచాయి. చాచా వెనక్కి లాగితే అంతే దిగాయి, మళ్లీ తెస్తే అంతే ఎక్కాయి. చాచా రంధ్రాలు వేసిన పలకను సేఠ్ స్వయంగా కొలిచాడు. రెండోసారి కొలిచాడు. ఆ మనిషిని రావద్దని చెప్తానని గొణిగి, సైకిల్ ఎక్కి వెళ్లిపోయాడు.

చాచా ఇంకో పలక బిగించాడు. నేను అలవాటుకొద్దీ వెళ్లి ఆయన పక్కన, చక్రం దగ్గర వంగి, గీతలు చదవబోయాను.

"సదవకు బేటీ. కనవడ్తుంది" అన్నాడు, అంకెల మీదనుంచి చూపు తిప్పకుండా.

సంతోషం వేసింది. నిటారుగా నిలబడ్డాను గానీ, ఇక ఆ మెషిన్ దగ్గర నేను ఎక్కడ నిలబడాలో మాత్రం తెలియలేదు.