అల్మరా తలుపు మీద అడ్డగీతలు

జనగామ శివారులోని ఆ ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ తాళంచెవి పదకొండేళ్లుగా తబస్సుమ్ దగ్గరే ఉంటుంది. లెక్చరర్లు వస్తారు, పోతారు, ఆమె మాత్రం కదలదు. స్టేషన్ ఘన్‌పూర్‌లో రేడియోలు బాగుచేసిన గౌస్ కూతురు కాబట్టి సోల్డరింగ్ పొగ ఆమెకు పుట్టింటి వాసన. ఏ కిట్టు మొరాయించినా మూత విప్పి, ఒక్క చూపు చూసి, "గిదిగో, గీడ తెగింది" అనగలదు. ఇంత పనిమంతురాలు ఒక్క తప్పు పని చేసింది. అది అల్మరా తలుపు లోపలివైపు అంటించి ఉంది.

అదొక గ్రాఫు, ఎమిటర్, బేస్, కలెక్టర్ అనే మూడు కాళ్ల ట్రాన్సిస్టర్‌ది. కొలువులో చేరిన కొత్తలో, తెల్లవారితే తనిఖీ ఉందనగా, అప్పటి లెక్చరర్ పుస్తకంలోని బొమ్మ చూసి గీయమన్నాడు. పుస్తకంలో కలెక్టర్ వోల్టేజీ ఎంత పెంచినా కరెంటు పెరగనట్టు గీతలు బల్లపరుపుగా ఉన్నాయి. ఆమె స్కేలు పెట్టి అలాగే గీసింది. అప్పటినుంచి ప్రతి బ్యాచూ తలుపు తెరవడం, స్కేలు తీయడం, గీతలు లాగడం, ఆ గీతలకు సరిపడేలా రీడింగులు కల్పించుకోవడం! కిట్టు దగ్గర మీటర్లు నిజం చెబుతూనే ఉంటాయి, వినే నాథుడు లేడు. అందరూ గట్టెక్కుతున్నారన్న తృప్తితో తబస్సుమ్ కూడా దాని జోలికి పోలేదు.

ఈసారి ప్రాక్టికల్ పరీక్షకు మహబూబాబాద్ నుంచి జయపాల్ అనే ఎగ్జామినర్ వచ్చాడు. పన్నెండు మందిలో పదకొండు మంది గ్రాఫులు అచ్చు గుద్దినట్టున్నాయి. పన్నెండోది నీలిది. ఆమె గీతలు కుడివైపుకు పోయేకొద్దీ పైకి లేస్తున్నాయి.

నీలిది మహబూబాబాద్ దగ్గరి తండా. పోయినేడు ఇదే ప్రయోగంలో ఫెయిలైంది. డిప్లొమాకు మిగిలింది ఈ ఒక్క పరీక్షే. భూపాలపల్లి విద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్‌గా ఎంపికైంది కానీ, ఇది పాసైతేనే చేర్చుకుంటారు. ఇంకోసారి రాసేదాకా వాళ్లు ఆగరు. అందుకే పొద్దున్నే తబస్సుమ్ ఆమెను పక్కకు పిలిచి, "జర చూసి గీయి బిడ్డా, తలుపు తీసే ఉంచిన" అని చెప్పింది. నీలి తలూపింది. తలుపు వైపు మాత్రం పోలేదు.

ఈ ఏడాదే చేరిన లెక్చరర్ రాజు ఆమె గ్రాఫు మీద ఎర్రపెన్ను ఆనించాడు. "కిట్టు ఖరాబైనట్టుంది సార్. లేకపోతే ఈ పిల్ల మీటర్లు తప్పుగ పెట్టింది. మిగతోళ్లందరికీ సక్కగనే వచ్చినయి."

"కొట్టేయకండి," అన్నాడు జయపాల్. "అమ్మా, గీతలు ఎందుకు లేసినయి?"

నీలి తన గ్రాఫు మీద వేలు పెట్టింది. "బేస్ సన్నబడ్డది సార్."

"ఎట్ల?"

"కలెక్టర్ వోల్టేజీ పెంచితే కలెక్టరుకూ బేసుకూ నడుమ ఖాళీ పొర వెడల్పయితది. అది బేసు లోపలికి జరుగుతది. మిగిలిన బేసు సన్నగయితది. ఎమిటర్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లకు అవతలికి దూరం తక్కువ, దారిలనే మాయమయ్యేటివి తక్కువ. అందుకే బేస్ కరెంటు అంతే ఉన్నా కలెక్టర్ కరెంటు పెరుగుతది."

"పుస్తకంల చదివి చెప్తున్నది సార్," అన్నాడు రాజు. "వోల్ట్‌మీటర్ మింగే కరెంటు కూడా మిల్లీఅమ్మీటర్‌ల కలిసుంటది. లేదంటే ట్రాన్సిస్టర్ వేడెక్కి పెరిగుంటది."

రాజు మాట పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. రెండూ జరిగేవే. జయపాల్ నీలి ముఖంలోకి చూశాడు. "ఆ రెండూ కావని చూపిస్తవా? చూపిస్తే మార్కులు. లేకపోతే నేనేం చేయలేను."

తబస్సుమ్ బల్ల దగ్గరకు జరిగింది. కిట్టు తనది, మీటర్లు తనవి. నీలి చేతిలో తీగ తప్పితే అంతా అయిపోయినట్టే.

నీలి కలెక్టర్ వోల్టేజీని పది దగ్గర పెట్టి, బేస్ తీగ ఊడపీకింది. కలెక్టర్ కరెంటు సున్నాకు పడింది. వోల్ట్‌మీటర్ ఇంకా పది చూపుతూనే ఉంది. "వోల్ట్‌మీటర్ మింగేదే ఉంటే ఇప్పుడు గూడ కనబడాలె కదా సార్."

రాజు ఎర్రపెన్ను వెనక్కి తీసుకున్నాడు.

"వేడి సంగతి?" అన్నాడు జయపాల్.

నీలి ట్రాన్సిస్టర్‌ను కాసేపు చల్లారనిచ్చింది. బేస్ తీగ పెట్టి, బేస్ కరెంటును ఇరవై మైక్రోఆంపియర్ల దగ్గర ఆపి, కలెక్టర్‌కు రెండు వోల్టులిచ్చి కరెంటు చదివింది, 4.08 మిల్లీఆంపియర్లు. గబుక్కున గుండీని పదికి తిప్పింది. మీటరు అంకె ఒక్కసారే 4.40కి ఎగిరి, అక్కడినుంచి 4.41, 4.43 అంటూ నత్తనడకన పాకసాగింది.

"ఎగిరింది బేసు సార్, పాకుతున్నది వేడి. నేను ఎగిరినకాడనే రాసుకున్న, మళ్ల చల్లారనిచ్చిన."

జయపాల్ ముందుకు వంగాడు. "అవుట్‌పుట్ రెసిస్టెన్స్?"

"ఎనిమిది వోల్టులకు 0.32 మిల్లీఆంపియర్లు పెరిగింది. ఎనిమిదిని దాంతోటి భాగిస్తే ఇరవై ఐదు కిలోఓములు. బేస్ కరెంటు పది చేస్తే 2.04 నుంచి 2.20. యాభై కిలోఓములు. కరెంటు సగమైతే రెసిస్టెన్స్ రెట్టింపు. గీతలు రెండూ వెనక్కు లాగితే మైనస్ నూరు వోల్టుల కాడ కలుస్తయి."

జయపాల్ నీలి కాగితం మీద మార్కులు వేశాడు. పాసైంది. తబస్సుమ్ ఊపిరి పీల్చుకునేలోపే ఆయన మిగతా పదకొండు గ్రాఫులు బల్లమీద పరిచాడు. "మరి వీళ్లందరికీ బల్లపరుపుగ ఎట్ల వచ్చింది? ఒకే కిట్లు కదా."

పిల్లలు తలలు వంచుకున్నారు. రాజు బిక్కచచ్చిపోయాడు. పొద్దున తీసి ఉంచిన అల్మరా తలుపు, పిల్లలు గీయడం అయ్యాక మళ్లీ మూసి ఉంది. తబస్సుమ్ నోరు మెదపకపోతే ఎవరూ చెప్పరు. తన కాంట్రాక్టు రెన్యువల్ కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద సంతకానికి ఉందని ఆమెకు తెలుసు. అయినా నడిచి వెళ్లి తలుపు తెరిచింది.

"గిది నేను గీసిన సార్. పదకొండేండ్ల కింద. వీళ్ల తప్పు లేదు, నేనే చూసి గీయమన్న."

"రిపోర్టుల రాయక తప్పదమ్మా," అన్నాడు జయపాల్, కోపం లేకుండా. పదకొండు మందినీ కొత్త కాగితాలు తీసుకుని మళ్లీ మొదలుపెట్టమన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక నీలి సంచి సర్దుకుంటోంది. తబస్సుమ్ అల్మరా తలుపు నుంచి గ్రాఫును గోళ్లతో పీకుతోంది. అంత సులువుగా రావడం లేదు.

"పొద్దున నా మాట ఇంటే ఇంత పరేషాన్ లేకపోవు కదనే," అంది.

నీలి సంచి మూతి బిగించింది. "పోయినేడు నీ మాట ఇన్న అక్క. ఇదే చూసి గీసిన. ఆ సారు అవుట్‌పుట్ రెసిస్టెన్స్ లెక్కగట్టమన్నడు. కరెంటు పెరిగింది సున్నా, ఎనిమిదిని సున్నాతోటి ఎట్ల భాగించాల్నో తెల్వక నిలబడ్డ. గందుకే పోయింది."

తబస్సుమ్ చేతిలో కాగితం సగం చిరిగి ఆగిపోయింది. నిరుడు ఈ పిల్ల భయపడి ఫెయిలైందని ఊరంతా చెప్పుకుంది తనే.

"అప్పుడెందుకు చెప్పలేదు?"

"నువ్వు నా మేలుకే చెప్పినవు కద అక్క," అంది నీలి. సంచి కింద పెట్టి, కాగితం రెండో కొస పట్టుకుని పీకడం మొదలుపెట్టింది.