దండం బొమ్మకు అర్థం

లెక్కల టీచరమ్మ తరగతి గది గడప దగ్గర ఒక్క క్షణం ఆగి కళ్ళు మూసుకుంటుంది. "స్వామీ, నా నోటి మాట పిల్లల తలకెక్కేలా చూడు" అని మనసులో అనుకుని, ఆ తర్వాతే లోపల అడుగు పెడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. వెనక బెంచీ వాళ్ళు ఆ క్షణంలోనే తినేవి డెస్కులో దాచేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. తినే పిల్లల నోరు కట్టేయడం ఇష్టంలేక కళ్ళు మరికాస్త సేపు మూసుకునే ఉంచుతుంది.

ఆ ఏడాది బడికి ట్యాబులొచ్చాయి. పాఠం అయ్యాక పిల్లల అభిప్రాయం అక్కడికక్కడే అడగాలని పెద్ద మేడమ్ చెప్పింది. గోడమీది తెరపై ఒక నంబరు కనిపిస్తుంది. పిల్లలు దాన్ని ట్యాబులో కొట్టి పోల్‌లోకి, అంటే ఓట్ల పేజీలోకి వస్తారు, నచ్చిన బొమ్మ మీద నొక్కుతారు. ఎవరు ఏది నొక్కారో పేరు పడదు. బొమ్మల పక్కన గీతలు మాత్రం అందరి కళ్ళముందే పెరుగుతూ పోతాయి.

టీచరమ్మకు ఇది తెగ నచ్చింది. దానికి కారణం ఆమె చిన్నతనంలో ఉంది. పల్లెటూరి బడిలో మాస్టారు "అర్థమైందా?" అంటే పిల్లలంతా "అర్థమైందండీ" అని రాగం తీసేవాళ్ళు. భాగహారం ముక్క బుర్రకెక్కని ఏడాదంతా ఆమె కూడా ఆ రాగంలో గొంతు కలిపింది. అర్థంకాలేదని ఒక్కతే లేచి నిలబడే ధైర్యం ఏడేళ్ళ పిల్లకు ఎక్కణ్ణుంచి వస్తుంది? పేరు తెలియకుండా చెప్పే వీలు అప్పుడుంటే ఎంత బాగుండేదో అనుకుంది.

ఇంట్లో కోడలి చేత పోల్ తయారు చేయించుకుంది. ప్రశ్న తనే చెప్పింది: "ఈరోజు పాఠం ఎలా ఉంది?" బొమ్మలు కూడా తనే ఏరుకుంది. మొదటిది రెండు చేతులూ జోడించిన దండం, రెండోది గడ్డం కింద వేలు పెట్టుకున్న ముఖం, మూడోది ఏడుపు ముఖం.

"కింద మాటలేమైనా రాయనా అత్తయ్యా?" అంది కోడలు.

"బొమ్మకి మళ్ళీ మాటెందుకమ్మా? చూస్తే తెలియట్లా!"

అర్థమైతే దేవుడికి దండం పెట్టుకోవాలి కదా. ఆమె మనసుకు అంతకన్నా తేటగా కనిపించే బొమ్మ మరొకటి లేదు.

ఏడో తరగతిలో ముప్పైమంది. మొదటి రోజే ఇరవై రెండు దండాలు పడ్డాయి, మరునాడు ఇరవై ఆరు. మూడు వారాలపాటు దండం గీత తెర అంచుదాకా పాకుతూనే ఉంది. ఏడుపు ముఖానికి ఒకటో రెండో పడేవి. రోజూ ఆ గీత చూసి ఆమె కళ్ళు చెమ్మగిల్లేవి. కుండలీకరణాలు, అంటే పిల్లల మాటల్లో బ్రాకెట్లు, ఇంత తేలిగ్గా అందిన తరగతిని తను ఇంతవరకూ చూడలేదని స్టాఫ్‌రూములో అందరి చెవినా వేసింది.

ఆ తర్వాత సోమవారం పరీక్ష పెట్టారు. ముప్పైమందిలో తొమ్మిదిమందే గట్టెక్కారు.

పెద్ద మేడమ్ కఠినురాలేం కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపి మరీ చెప్పింది. "మీ పోల్ చూస్తే పిల్లలందరికీ వచ్చేసింది. పేపర్లు చూస్తే ఎవరికీ రాలేదు. నేను ఏది నమ్మాలండీ? శుక్రవారం నేనొచ్చి వెనక కూర్చుంటాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఏడో తరగతి ఇంకొకరికి ఇస్తాను. మీరు కాస్త విశ్రాంతిగా లైబ్రరీ చూసుకుందురు."

విశ్రాంతి అన్న మాట టీచరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. సరిగ్గా అప్పుడే నోటుపుస్తకాల దొంతర పట్టుకుని ఏడో తరగతి కళ్ళజోడు పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. వినకూడని మాట విన్నదానిలా దొంతర బల్లమీద పెట్టేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

మార్కుల కన్నా ఇంకో సంగతి టీచరమ్మను ఎక్కువ బాధపెట్టింది. పిల్లలు తనతో అబద్ధం చెప్పారా? మూడు వారాలు, రోజూ?

మర్నాడు సాయంత్రం కోడలు ఆసుపత్రి నుంచి వచ్చింది. అక్కడ ఆమె నర్సు. చెప్పులు విప్పుతూనే అత్తగారి ముఖం చూసి వచ్చి పక్కన కూర్చుంది. సంగతంతా విని ముందు పెదవి బిగబట్టింది, ఇక ఆగలేక పకపకా నవ్వేసింది.

"నవ్వుతావేమే!"

"తిట్టకండి అత్తయ్యా. పొద్దున మామయ్యగారు ఒకే కథ నాలుగోసారి మొదలుపెడితే మీరేమన్నారు?"

"ఏమన్నాను... 'మహానుభావా, మీకో దండం' అన్నాను."

అని టక్కున ఆగిపోయింది.

"అంటే ఇన్ని రోజులూ ఇరవై ఆరుమంది నాకు... 'నీకో దండం, ఇక వదిలేయవమ్మా' అన్నారా?"

"అందరూ కాకపోవచ్చు. కొందరు నిజంగానే దండం పెట్టుంటారు. కొందరు పక్కవాడి గీత పెరుగుతోందని అదే నొక్కుంటారు. ఎవరు ఏ దండం పెట్టారో బొమ్మ చెప్పదుగా?" కోడలు ఆమె చేయి పట్టుకుంది. "మా దగ్గర కూడా నొప్పి ఎంతుందో చూపించమని రోగికి ముఖాల బొమ్మల కాగితం ఇస్తాం. ప్రతి ముఖం కిందా మాట రాసుంటుంది. 'నొప్పి లేదు', 'కొంచెం', 'భరించలేను' అని. అసలు ప్రశ్న కూడా 'ఎలా ఉన్నారు' అని అడగం. 'నొప్పి ఎంత' అని అడుగుతాం."

ఈసారి టీచరమ్మ కూడా నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. పిల్లలు అబద్ధం చెప్పలేదు. తనే సరిగ్గా అడగలేదు.

బుధవారం తరగతిలో పాఠం మొదలుపెట్టకుండా తెరమీద దండం బొమ్మ ఒక్కటే పెద్దగా చూపించింది.

"ఇదంటే ఏంటి? మొహమాటం వద్దు. నిజం చెప్పాలి."

గదిలో గుసగుసలు. చివరికి వెనక బెంచీ పొడుగాడు లేచాడు. "టీచర్, కోప్పడరు కదా?"

"కోప్పడను."

"'చాలు టీచర్, బెల్లు కొట్టేశారు' అని."

తరగతి గొల్లుమంది. "మేం థాంక్స్ అనుకున్నాం" అన్నారు కిటికీ వైపు అమ్మాయిలు. "నేను పరీక్షలో పాసవ్వాలని మొక్కుకున్నా" అన్నాడు మరొకడు.

"పరీక్షలో చూశాంలే నీ మొక్కు" అంది కళ్ళజోడు పిల్ల.

ఆ రోజు బొమ్మలకు అర్థాలు పిల్లలే పెట్టారు, టీచరమ్మ మాటలు టైపు చేసింది. కొత్తగా చేర్చిన నవ్వు ముఖం కింద "నేను ఒక్కణ్ణే చేయగలను" అని పడగానే అమ్మాయిలు ఊరుకోలేదు. చివరికి దాన్ని "నా అంతట నేను చేయగలను" అని మార్చారు. గడ్డం కింద వేలున్న ముఖానికి "మధ్యలో ఆగిపోతున్నాను", ఏడుపు ముఖానికి "మొదలే తెలియలేదు" అని పెట్టారు. దండం బొమ్మ తీసేస్తానంటే పిల్లలు ఒప్పుకోలేదు. దాని కింద "ఇంకొక్కసారి చెప్పండి" అని రాయించారు. ప్రశ్న కూడా మారింది: "బ్రాకెట్ ముందు మైనస్ ఉన్న లెక్క చేయగలరా?" కోడలు నేర్పినట్టు గీతలు కనబడకుండా దాచింది. ఎన్ని ఓట్లు పడ్డాయో మాత్రమే తెలుస్తుంది, పోల్ మూశాకే గీతలు బయటపడతాయి.

అందరూ ఓటేశాక మూసి చూస్తే నవ్వు ముఖాలు ఏడు, వేలున్న ముఖాలు పద్నాలుగు. మిగిలిన తొమ్మిదీ ఏడుపు ముఖాలూ దండాలూ.

వచ్చినవాళ్ళు ఏడుగురే. కానీ ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఎక్కడ నిలబడి చెప్పాలో ఆమెకు తెలిసింది. బోర్డు మీద పన్నెండు మైనస్ బ్రాకెట్లో ఐదు మైనస్ రెండు రాసింది.

"నీ దగ్గర పన్నెండు చాక్లెట్లున్నాయి. నేను ఐదు తీసుకుని, అందులో రెండు నీకే తిరిగిచ్చేశాను. ఎన్ని మిగిలాయి?"

"తొమ్మిది!"

"మరి పరీక్షలో ఇదే లెక్కకి చాలామంది ఐదని రాశారే?"

"ఆ రెండూ కూడా మీరే తీసేసుకున్నారనుకున్నాం టీచర్" అన్నాడు పొడుగాడు. నిజమే, తప్పంతా ఆ రెండు దగ్గరే ఉంది. తిరిగిచ్చింది కలుస్తుంది, తీసుకుపోయేది పోతుంది. బుధ, గురువారాలు రెండూ దానికే సరిపోయాయి.

శుక్రవారం పెద్ద మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పాఠం అయ్యాక టీచరమ్మ పోల్ తెరిచింది. ముప్పై ఓట్లూ చిటికెలో పడిపోయాయి. ఎవరూ తడుముకోలేదు. మూసి చూస్తే ముప్పై నవ్వు ముఖాలు.

టీచరమ్మ కళ్ళజోడు పిల్ల వైపు చూసింది. ఆ పిల్ల తల దించుకుంది. ముందు బెంచీల నుంచి వెనక బెంచీల దాకా అందరూ చేతులు కట్టుకుని, ముఖాలు అమాయకంగా పెట్టుకుని కూర్చున్నారు. సంగతి అర్థమైంది: సోమవారం గుమ్మంలో విన్నది ఆ పిల్ల అందరికీ చెప్పేసింది. ఆ గీతను అలాగే వదిలేస్తే తరగతి తనదే. కానీ అది చిన్నప్పటి రాగమే కదా, ఈసారి ఆమె కోసం పాడుతున్నారు, అంతే తేడా.

"నాన్నా, మీరు నా మీద ప్రేమతో నొక్కారు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. కానీ నేను అడిగింది నా గురించి కాదు, లెక్క గురించి. ఈ ఓటు చెరిపేస్తున్నాను. మళ్ళీ వేయండి."

వెనక పెద్ద మేడమ్ పెన్ను ఆగిపోయింది.

ఈసారి ఓట్లు నెమ్మదిగా పడ్డాయి. ఇరవై... ఇరవై ఏడు... ఇరవై తొమ్మిది. ఎవరో ఒకరు చాలాసేపు ఆలోచించారు. ముప్పై పడ్డాక మూసింది. నవ్వు ముఖాలు ఇరవై, వేలున్నవి తొమ్మిది, ఏడుపు ఒక్కటీ లేదు, దండం ఒకటి.

పెద్ద మేడమ్ లేచి వచ్చి బోర్డు మీద తనే ఒక లెక్క రాసింది: ఇరవై మైనస్ బ్రాకెట్లో ఎనిమిది మైనస్ మూడు. కాగితాల మీద జవాబులు రాయించి అక్కడే దిద్దింది. పదిహేను అని రాసినవాళ్ళు పంతొమ్మిది మంది.

"బొమ్మలూ కాగితాలూ మొదటిసారి ఇంచుమించు ఒకే మాట చెప్పాయి" అంది టీచరమ్మకు మాత్రమే వినబడేలా. "అది నాకు చాలు. లైబ్రరీ సంగతి మరిచిపోండి. మీ పోల్ ప్రశ్న కాస్త మిగతా టీచర్లకి కూడా చూపించండి."

బెల్లు కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. తెరమీద ఆ ఒంటరి దండం ఇంకా అలాగే ఉంది. టీచరమ్మ ట్యాబుల లెక్క చూసుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అంది. "ఎవరిదో నేనడగను. అన్నం గంటంతా నేనీ గదిలోనే కూర్చుంటాను. నాకెలాగూ ఒక్కదాన్నే తినడం అలవాటు లేదు."

గది ఖాళీ అయింది. ఆమె డబ్బా మూత తీసింది. తలుపు మెల్లగా కదిలింది. కళ్ళజోడు పిల్ల, పొడుగాడు, కిటికీ పక్క అమ్మాయి ముగ్గురూ తమ డబ్బాలు పట్టుకుని వరసగా లోపలికొచ్చారు.

దండం ఒకటే పడింది, వచ్చింది ముగ్గురు. టీచరమ్మ పక్క బెంచీ దగ్గరకు లాగి, చాక్‌పీసు చేతిలోకి తీసుకుంది.