కుడివైపు వంటగది

రాష్ట్రం విడిపోవడానికి ముందు ఏడాది మిర్యాలగూడలో ఒక తూర్పు ముఖం ఇంటి అమ్మకానికి తీసిన వీడియోకు నేను వ్యాఖ్యానం రాశాను. నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ణి. గేటు, హాలు, వంటగది, పడకగదులు, మేడ: కొనేవాడు నడిచే వరుసే నా వరుస. ప్రతి గుమ్మం దగ్గర కెమెరా కాసేపు ఆగాలి, గదిని నెమ్మదిగా చూపాలి, నడిచేటప్పుడు మాట ఉండకూడదు. ‘విశాలమైన’ అని రాయలేదు. ‘పది అడుగులకు ఎనిమిది’ అని రాశాను. గొంతు కూడా నాదే.

తీసింది సూర్యాపేటలో పెళ్లి వీడియోలు తీసే మిత్రుడు. ఎడిటింగ్ అయిన డిస్కును ఇంటి యజమాని నాకు చూపకుండానే హుజూర్‌నగర్‌లోని ఒకామెకు పంపాడు. ఆమె భర్త దుబాయిలో డ్రైవరు. ఆమె వీడియో చూసి ‘ఇదే తీసుకుందాం’ అని చెబితే, ఆయన దాచుకున్నదంతా బయానాగా పంపడానికి సిద్ధంగా ఉన్నాడు. ఒక్కసారి కళ్లారా చూస్తానని ఆమె వచ్చింది. యజమాని, మిత్రుడు, నేను వెంట ఉన్నాం.

హాల్లో అడుగుపెట్టి ఎడమవైపు తిరిగిన ఆమె ఆగిపోయింది. అక్కడ పడకగది ఉంది.

“అన్నా, వంటిల్లేది?”

“కుడిదిక్కు ఉన్నదమ్మా,” అన్నాను.

“వీడియోల ఎడమదిక్కు ఉండె గదా! ఆగ్నేయంల ఉన్నదనే మా అత్త ఒప్పుకున్నది. గిది ఈశాన్యమాయె!”

‘హాల్లోకి రాగానే కుడివైపున వంటగది’ అని చదివింది నేనే. మిత్రుడి వైపు చూశాను.

“బొమ్మను అద్దంల లెక్క తిప్పి ఏసిన రా,” అన్నాడు తేలిగ్గా. “పెళ్లిల పిల్ల తప్పుదిక్కు కూసుంటె తిప్పుతం గదా, గట్లనే. ‘కుడివైపున’ అన్న ముక్క ఒక్కటి కోసిన. ఈ ఇంటి సేటే వాస్తు కుదరాలన్నడు.”

“నువ్వు పెండ్లి చేస్తున్నవా, ఇల్లు అమ్ముతున్నవా?” అందామె.

యజమాని నవ్వబోయాడు. “గోడలు గవ్వే, గదులు గవ్వే గదమ్మా. జర సర్దుకోవాలె.”

“సర్దుకుంటె మా అత్త నన్ను సర్దుతది,” అని ఆమె నా వైపు తిరిగింది. “అన్నా, నాకు ఇంకో మూడు వీడియోలు చూపిన్రు. అన్నిట్ల రాజమహల్, స్వర్గం అన్నరు. నువ్వొక్కనివే గొప్పలు చెప్పలే. గందుకే నమ్మిన.”

కొలతలన్నీ సరిగ్గా చెప్పిన నా గొంతే ఆమెను ఇక్కడిదాకా తెచ్చిందని అప్పుడు తెలిసింది.

ఆమె గుమ్మం బయటికి వెళ్లి ఫోను చేసింది.

“ఏమయ్యా, పైసలు పంపకు. ఇల్లు మంచిగనే ఉన్నది. గని మేం వీడియోల చూసిన ఇల్లు గీడ లేదు.”