మారనివి ముందు చెప్పిన మేడమ్

1995 మార్చి. శామీర్‌పేట దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను జూనియర్ అసిస్టెంట్‌ని. హాల్ టికెట్లు తెచ్చి పంచడం, మండల విద్యాధికారి ఆఫీసుకీ బడికీ మధ్య తిరగడం, వచ్చిన ప్రతి కాగితానికీ జవాబు రాయడం నా పని. ఆ సంవత్సరం జరిగిన ఒక సంగతికి నాకు శాలువా కప్పారు. అది నాకు దక్కవలసింది కాదని ఇన్నేళ్ళకు రాస్తున్నాను.

సోమవారం నుంచి పదో తరగతి పరీక్షలు. మా పిల్లల సెంటర్ మేడ్చల్‌లో. అంతలో ఎన్నికల పోలింగ్ అడ్డొచ్చి తేదీలు కదులుతున్నాయని వినిపించింది. బుధవారం మండల ఆఫీసుకు వెళ్తే అక్కడి గుమాస్తా, "పరీక్షలు వాయిదా పడ్డయట," అన్నాడు. ఏ పరీక్షలని నేను అడగలేదు. సాయంత్రం బస్‌స్టాప్‌లో యేసురత్నం కనిపించాడు. జీడిమెట్లలో మెషిన్ షాపులో పనిచేసేవాడు, అతని కూతురు సునీత మా బడిలో పదో తరగతి.

"ఏం సారూ, సోమారం మా తమ్ముని లగ్గం ఉన్నది. మా పిల్లకు అదే రోజు పరీచ్చ. ఏం జేయాల్నో సమజైత లేదు," అన్నాడు.

"పరేషాన్ గాకు అన్నా. పరీక్షలు వాయిదా పడ్డయి," అన్నాను.

ఆఫీసు మనిషి నోటి మాట ఊళ్ళో ఉత్తర్వుతో సమానం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, పెద్దరికం కోసం ఆ మాట అన్నాను.

శుక్రవారం సాయంత్రం మెమో వచ్చింది. మెమో అంటే జిల్లా ఆఫీసు నుంచి వచ్చే రాతపూర్వక ఆదేశం. చదివాను. కదిలింది లెక్కల పేపర్లు రెండే. అవి సోషల్ తర్వాత, అందరికంటే చివర జరుగుతాయి. సోమవారం తెలుగు మొదటి పేపర్ యథాతథం.

మా హెడ్‌మిస్ట్రెస్ కమలాదేవి గారు ఆ మెమోను రెండుసార్లు చదివారు. "నోటీస్ బోర్డు మీద అంటిస్తే సరిపోతుంది కదా మేడమ్," అన్నాను.

"పదో తరగతి వాళ్ళు ఇంటి దగ్గర చదువుకుంటున్నారు నరసింహా. బోర్డు చూడటానికి ఎవరొస్తారు? రేపు చివరి సూచనలకు రమ్మన్నాం కదా, అసెంబ్లీలో చెప్తాను."

శనివారం ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక ఆమె తరగతుల వరుసలు చెరిపేశారు. "ఈరోజు ఊళ్ళ వారీగా నిలబడండి. ఎవరు ఎవరితో కలిసి ఇంటికి నడుస్తారో వాళ్ళు ఒక వరుస," అన్నారు. పిల్లలు నవ్వుకుంటూ సర్దుకున్నారు. అలియాబాద్ ఒక వరుస, తుర్కపల్లి ఒక వరుస, మజీద్‌పూర్ ఒక వరుస. ఇదెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆమెకు మైకు అలవాటు లేదు. గొంతు పెంచలేదు కూడా.

"పరీక్షల గురించి ఒక మార్పు వచ్చింది. మారనివి ముందు చెప్తాను, వినండి. సోమవారం తెలుగు పరీక్ష ఉంది. సెంటర్ మేడ్చల్‌లోనే. టైము మారలేదు. మీ దగ్గరున్న హాల్ టికెట్టే చెల్లుతుంది, కొత్తది రాదు. ఇక మారింది ఒకటే. లెక్కల పేపర్లు రెండూ సోషల్ తర్వాత జరుగుతాయి. హాల్ టికెట్ మీద లెక్కలకు వేసిన తేదీల్లో మీకు పరీక్ష లేదు. ఆ రోజుల్లో ఎవరూ మేడ్చల్ పోవద్దు."

తర్వాత ఒక్కో వరుస నుంచి ఒక్కరిని పిలిచి, విన్నది తిరిగి చెప్పించారు. తుర్కపల్లి కుర్రాడు "లెక్కలు లెవ్వు మేడమ్" అని మొదలుపెట్టగానే అందరూ నవ్వారు. "ఉన్నాయి నాయనా, నీ నుంచి తప్పించుకోలేదు. ఆలస్యంగా వస్తున్నాయంతే," అన్నారామె. వాడు రెండోసారి తప్పు లేకుండా చెప్పాడు.

"ఇప్పుడు మీ ఊరి పదో తరగతి వాళ్ళలో ఎవరు రాలేదో చూసి చెప్పండి."

అప్పుడు అర్థమైంది నాకు ఊళ్ళ వరుసల సంగతి. తరగతి వరుసలో గైర్హాజరు ఒక ఖాళీ. ఊరి వరుసలో అది పక్కింటి పిల్ల. అలియాబాద్ వరుసలోంచి లక్ష్మి చెయ్యెత్తింది.

"సునీత రాలే మేడమ్. లగ్గానికని గండిమైసమ్మ పోయిండ్రు. పరీచ్చలు వాయిదా పడ్డయని వాళ్ళ నాయినకు ఆఫీసు సార్ జెప్పిండట."

బడి మొత్తం నా వైపు తిరిగింది. మేడమ్ తిరగలేదు. "సరే లక్ష్మీ, ఆ కబురు ఆఫీసు నుంచే వెళ్తుంది," అని జనగణమన పాడించారు.

తర్వాత గదిలో నన్ను తిట్టలేదు. మెమో నకలు చేతిలో పెట్టి, "మీరే వెళ్ళండి. వాయిదా అనే మాట మాత్రం నోట రానీయకండి. సోమవారం తెలుగు ఉందని మొదట చెప్పండి," అన్నారు.

మేడ్చల్‌లో బస్సు మారి గండిమైసమ్మ చౌరస్తాలో దిగి, అడుగుతూ అడుగుతూ పెళ్ళింటికి చేరాను. యేసురత్నం పందిరి గుంజ పాతుతున్నాడు.

"సోమవారం తెలుగు పరీక్ష ఉందన్నా," అన్నాను, నమస్కారమైనా పెట్టకుండా.

అతను గుంజ వదల్లేదు. "మొన్న లేదంటివి. ఇయ్యాల ఉన్నదంటున్నవు. నేను ఏది నమ్మాలె సారూ? పొద్దున్నే చర్చిల లగ్గం. పిల్లను మేడ్చల్ తోలుకపొయ్యినంక, గేటుకాడ లేదంటే?"

లోపలి నుంచి అతని తల్లి వచ్చింది. "ఏందిరా లొల్లి? బడి సార్ ఎండలవడి వచ్చిండు, నీళ్ళన్న ఇచ్చిండ్రా?"

ఆమె వెనకాల సునీత. చేతులకు మెహందీ, ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పెద్దమేడమ్ ఏమన్నది సార్? ఆమె అన్నది అన్నట్టే చెప్పుండ్రి."

అసెంబ్లీలో విన్నది విన్నట్టే చెప్పాను. మారనివి ముందు, మారింది తర్వాత. మెమో చూపించాను. యేసురత్నం గుంజ వదిలి దగ్గరికొచ్చాడు.

"హాల్ టికెట్ మీద తారీఖులు తప్పున్నయి గదా, చెల్లుతదా?"

"ఇదే చెల్లుతుంది. కొత్తది రాదు."

"నాయినా, నేను పోత," అంది సునీత.

అతను తల్లి వైపు చూశాడు. ముసలామె తేల్చేసింది. "చిన్నాయిన లగ్గం పిల్ల లేకున్నా అయితది. పరీచ్చ పిల్ల లేకుంటే అయితదా? పోయి రాసి రా బిడ్డా. నీ పాలు బిర్యాని తీసి పెడ్త."

సోమవారం మేడ్చల్ సెంటర్ గేటు దగ్గర నిలబడ్డాను. అన్నింటికంటే చివర యేసురత్నం సైకిల్ వచ్చింది, వెనక పెళ్ళి లంగా ఓణీలో సునీత. "గిట్ల జూస్తుండ్రేంది సార్, మళ్ళ వాయిదా పడ్డదా?" అన్నాడు యేసురత్నం. గేటు దగ్గరున్న పిల్లలంతా పకపకా నవ్వారు. ఆ రోజు మా బడి నుంచి ఒక్కరు కూడా గైర్హాజరు కాలేదు. లెక్కల పాత తేదీకి వేరే బళ్ళ పిల్లలు కొందరు మేడ్చల్ వచ్చి వెనక్కి పోయారని విన్నాం. మావాళ్ళు ఇళ్ళలో కూర్చుని లెక్కలు చేసుకున్నారు. సునీత ఫస్ట్ క్లాసులో పాసైంది.

బడి వార్షికోత్సవంలో మండల విద్యాధికారి నన్ను వేదిక మీదికి పిలిచి, గండిమైసమ్మ దాకా వెళ్ళి విద్యార్థినిని తెచ్చిన ఉద్యోగి అని శాలువా కప్పారు. కమలాదేవి గారు ముందువరుసలో చప్పట్లు కొట్టారు. మైకు నా ముందే ఉంది. నేను నమస్కారం పెట్టి దిగిపోయాను. ఆమె రిటైరైన రోజున కూడా నేను నిజం చెప్పలేదు.

ఈమధ్య మేడ్చల్‌లో బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తే, హెడ్ నర్స్ నన్ను గుర్తుపట్టింది. సునీత. తోటి నర్సులను పిలిచి, "నేను పదో తరగతి రాసిన్నంటే ఈ సార్ వల్లనే," అంది. ఇక భరించలేక మొత్తం చెప్పేశాను. ఆ తప్పు కబురు నాదేనని, దాన్ని పట్టుకున్నది మేడమ్ అని.

సునీత నవ్వింది. "నాకెర్క లేదా సార్? మా నాయిన ఇప్పటికీ మిమ్మల్ని వాయిదా సార్ అనే అంటడు."

చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నాకే ఆశ్చర్యం, నార్మల్ ఉంది.

ఆ తర్వాత నా సర్వీసులో ఎన్నో మార్పుల సర్క్యులర్లు రాశాను. ప్రతిదాంట్లో మొదటి పేరా మారనిదే ఉండేది. మార్పు అన్న మాట చెవిన పడగానే మనిషి మిగతాది వినడు, ఉన్నదంతా కదిలిపోయిందనుకుంటాడు. కాబట్టి ముందు కాళ్ళ కింద నేల చూపించాలి. చెప్పినదాన్ని విన్నవాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవాలి, రానివాళ్ళెవరో వెతకాలి. ఈ పద్ధతికి నన్ను మెచ్చుకున్న అధికారులు చాలామందే ఉన్నారు. ఆ పద్ధతి కమలాదేవి గారిది. ఆ శాలువా కూడా.